విజయవాడలో లైవ్, అయోవాలో బ్లాకౌట్: మీ ఎంఎల్‌బి టీవీ పాస్ సంగతి

ప్రశ్న: "టెక్సస్ నుంచి ఈమధ్యే అయోవాలోని వెస్ట్ డి మాయిన్‌కి మారాం. మా వాడికి తొమ్మిదేళ్ళు, చికాగో కబ్స్ అంటే ప్రాణం. వాడి కోసం ఎంఎల్‌బి టీవీలో అన్ని జట్ల సీజన్ పాస్ కొన్నాను. కబ్స్ ఆట పెడితే బ్లాకౌట్ అంటోంది. కార్డినల్స్, రాయల్స్, ట్విన్స్ ఆటలదీ అదే తంతు. చికాగో ఇక్కడికి ఐదు గంటల దూరం కదా, మరి మాకు లోకల్ ఎలా అయింది? వీపీఎన్ పెడితే పని అవుతుందా? రీప్లే ఎప్పుడొస్తుంది? టీవీలోనూ ఐప్యాడ్‌లోనూ ఒకేసారి చూడొచ్చా? వేసవిలో విజయవాడ వెళ్తాం, అక్కడ పనిచేస్తుందా?"

అండీ, మీ పాస్‌లో లోపమేమీ లేదు. మీరు మారిన ఊరే బేస్‌బాల్ బ్లాకౌట్లకు అమెరికాలో పేరుమోసిన చోటు. నేను డి మాయిన్‌లో పదమూడేళ్ళుగా ఉంటున్నాను. మొదటి ఏడాది నేనూ ఇలాగే పాస్ కొని తల పట్టుకున్నాను.

ముందు ఈ బ్లాకౌట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను, అది తెలిస్తే మిగతా ప్రశ్నలకు జవాబు సులువు. మేజర్ లీగ్ బేస్‌బాల్, అంటే ఎంఎల్‌బిలో 30 జట్లున్నాయి. ఒక్కో జట్టుకి 'మా టీవీ ప్రాంతం' అని గీసుకున్న హద్దు ఉంటుంది. ఆ హద్దు లోపల ఆటలు చూపించే హక్కుని ఆ జట్టు ఓ ప్రాంతీయ స్పోర్ట్స్ ఛానెల్‌కి అమ్ముకుంటుంది. ఛానెల్ కోట్లు పోసి కొనేది ఒక్క షరతు మీద: నా ప్రాంతంలో నేను తప్ప ఇంకెవరూ లైవ్ చూపించకూడదు. లీగ్ సొంత యాప్ కూడా ఆ 'ఇంకెవరూ'లోకే వస్తుంది. అందుకే ఎంఎల్‌బి టీవీ అంటే అన్ని ఆటలూ కావు. మీరున్న చోటుకి బయటి జట్ల ఆటలు మాత్రమే. ప్రకటనలో 'అన్ని జట్లు' అని పెద్దగా ఉంటుంది, 'బయటి' అన్న మాట చిన్నక్షరాల్లో ఉంటుంది.

ఇక అయోవా. ఈ రాష్ట్రానికి మేజర్ లీగ్ జట్టు లేదు. చుట్టుపక్కల రాష్ట్రాల జట్లన్నీ హద్దులు గీసుకునేటప్పుడు మధ్యలో ఉన్న మనల్ని ఎవరికి వారు తమ ఖాతాలో వేసుకున్నారు. ఆ లెక్కన కబ్స్, వైట్ సాక్స్, కార్డినల్స్, రాయల్స్, ట్విన్స్, బ్రూవర్స్, ఈ ఆరు జట్లూ మనకి 'లోకల్'. అన్నిటికన్నా దగ్గరిది కేన్సస్ సిటీ, కారులో సుమారు మూడు గంటలు. మిల్వాకీ అయితే దానికి దాదాపు రెట్టింపు దూరం. మనకి తోడు లాస్ వేగస్ ఒకటుంది. అక్కడా ఆరు జట్ల బ్లాకౌట్, ఎడారి మధ్యలో. గీతలు గీసినప్పుడు కేబుల్ టీవీ కాలం. ఆ ఛానెల్ మీ ఇంటికి నిజంగా వస్తుందా లేదా అన్నది ఎవరికీ పట్టలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బ్లాకౌట్ పడేది జట్టుకి కాదు, ఆటకి. ఆడుతున్న ఇద్దరిలో ఒక్కరు మీ లోకల్ అయినా ఆట మొత్తం మూత పడుతుంది. కబ్స్ లాస్ ఏంజెలెస్ వెళ్ళి డాడ్జర్స్‌తో ఆడినా మీకు రాదు. డాడ్జర్స్ వైపు కెమెరాలతో చూస్తానన్నా రాదు. ఒక మామూలు మంగళవారం లెక్క వేద్దాం. 30 జట్లూ ఆడితే 15 ఆటలు. మన ఆరు జట్లూ బయటివాళ్ళతో ఆడుతుంటే ఆరు ఆటలు పోతాయి, తొమ్మిది మిగులుతాయి. తమలో తాము జతలుగా ఆడుకుంటుంటే మూడే పోతాయి. ఈ ఆరూ రెండు సెంట్రల్ డివిజన్లలోనివే కాబట్టి తమలో తాము తరచుగానే ఆడతాయి. బేస్‌బాల్ అంతా ఇష్టమున్న నాలాంటివాడికి ఆ మిగిలినవి చాలు. కానీ మీ వాడికి కావలసింది కబ్స్. ఆ జట్టు సీజన్‌లో ఆడే 162 ఆటల్లో ఒక్కటి కూడా మీ ఇంట్లో ఈ పాస్ మీద లైవ్ రాదు.

ఒకే జట్టు పాస్ అని చవకది ఒకటుంది కదా, అది తీసుకోవలసింది అని ఎవరైనా అంటే వినకండి. అభిమానులు 2012లో వేసిన దావా 2016 జనవరిలో రాజీ అయినప్పుడు పుట్టిన ప్లాన్ అది. అప్పటిదాకా ఒక్క జట్టు కోసం కూడా మొత్తం 30 జట్ల ధర కట్టాల్సి వచ్చేది. ఫ్లోరిడాలో ఉంటున్న కబ్స్ అభిమానికి అది బంగారం. బ్లాకౌట్ గీతలు మాత్రం రాజీ తర్వాతా అలాగే ఉన్నాయి, కాబట్టి అయోవాలో కబ్స్ ఒక్కటే పాస్ అంటే లైవ్ పరంగా సున్నా.

వీపీఎన్ గురించి. మీరెక్కడున్నారో ఎంఎల్‌బి టీవీ ఎలా తెలుసుకుంటుందో చెప్తే మీకే అర్థమవుతుంది. టీవీ, ల్యాప్‌టాప్‌ల మీద మీ ఇంటర్నెట్ ఐపీ అడ్రస్ చూస్తుంది. ఫోన్, ఐప్యాడ్ యాప్‌లో లొకేషన్ ఆన్ చేయమని అడిగి జీపీఎస్‌తో చూస్తుంది. వీపీఎన్ ఐపీని మార్చగలదు గానీ జీపీఎస్‌ని మార్చలేదు, అందుకే ఐప్యాడ్‌లో అది పనికి రాదు. పైగా పేరున్న వీపీఎన్ల ఐపీలు స్ట్రీమింగ్ కంపెనీల జాబితాల్లో ఉంటాయి, ఆట మధ్యలో ఆపేస్తారు. నిబంధనల ప్రకారం ఖాతా రద్దు చేసే హక్కు కూడా వాళ్ళకుంది. సీజన్ డబ్బులు ముందే కట్టేసి ఆ టెన్షన్ ఎందుకు?

ఇదే ఐపీ సంగతి ఇంకోలా కూడా కుడుతుంది. ఇంటికి మొబైల్ కంపెనీ వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టించుకుంటే, మీ ఐపీ ఒక్కోసారి వేరే నగరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పుడు మీకు అస్సలు సంబంధం లేని జట్టు ఆట బ్లాకౌట్ అవుతుంది. గుర్తుపట్టడం తేలిక. బ్లాకౌట్ అయిన జట్టు పై ఆరింటిలోదైతే అది నిజమైన బ్లాకౌట్, వాదించి లాభం లేదు. డెన్వర్ జట్టో, డెట్రాయిట్ జట్టో మూతపడి, అది ఏ జాతీయ ఛానెల్‌లోనూ లేకపోతే మీ ఐపీ తప్పుగా పడుతోందన్నమాట. అదే ఆటని ఐప్యాడ్‌లో లొకేషన్ ఆన్ చేసి పెట్టి చూడండి. అక్కడ వస్తే అనుమానం తీరినట్టే, ఆ స్క్రీన్‌షాట్‌తో సపోర్ట్‌కి రాయండి. ఎంఎల్‌బి సైట్‌లో జిప్ కోడ్ కొడితే మీ లోకల్ జట్లు చూపించే పేజీ ఉంది, రాసేముందు అదీ చూసుకోండి.

ఇప్పుడు అసలు ఉపయోగపడే విషయం, రీప్లే. బ్లాకౌట్ అనేది లైవ్‌కి మాత్రమే. లోకల్ బ్లాకౌట్ అయిన ఆట ముగిశాక సుమారు 90 నిమిషాలకి అదే పాస్ మీద పూర్తి ఆట తెరుచుకుంటుంది. మన దగ్గర చాలామందికి ఈ సంగతి తెలియక పాస్ పారేస్తారు.

ఈ 90 నిమిషాలు మీ ఇంట్లో ఎలా పడతాయో చూద్దాం. 2023లో బంతి విసరడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ తెచ్చాక తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాల లోపే అయిపోతోంది. మన టైమ్‌లో రాత్రి 7:05కి మొదలైన ఆట 9:45కి ముగుస్తుంది. రీప్లే 11:15కి. తొమ్మిదేళ్ళ పిల్లాడికి అది పనికిరాదు. అయితే కబ్స్‌కి ఓ విచిత్రమైన అలవాటుంది. వాళ్ళ మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో 1988 దాకా ఫ్లడ్‌లైట్లే లేవు. ఇప్పటికీ నగరం నిబంధనల వల్ల సొంత మైదానంలో రాత్రి ఆటలు పరిమితంగానే పెట్టుకోవాలి. అందుకే మధ్యాహ్నం 1:20కి మొదలయ్యే ఆటలు ఏ జట్టుకీ లేనన్ని వీళ్ళకుంటాయి, శుక్రవారాల్లో మరీను. 1:20కి మొదలై 4 గంటలకి ముగుస్తుంది, 5:30కి రీప్లే సిద్ధం. పిల్లాడు బడి నుంచి వచ్చి, పాలు తాగి, హోంవర్క్ ముగించేసరికి ఆట తయారుగా ఉంటుంది. అసలు లైవ్ వచ్చినా వాడు బడిలోనే ఉండేవాడు కదా! షెడ్యూల్ తీసి ఏప్రిల్, మే, సెప్టెంబర్ నెలల్లో 1:20 ఆటలకి గుర్తు పెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త. యాప్ సెట్టింగ్స్‌లో స్కోర్లు దాచే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేయండి. ఫోన్‌లో కబ్స్ నోటిఫికేషన్లు ఆపేయండి. మా పాప కోసం ఇవన్నీ చేసి ఊపిరి పీల్చుకున్నాను. పక్కింటి పెద్దాయన కంచె మీద నుంచి "నిన్న తొమ్మిదో ఇన్నింగ్స్ చూశావా?" అని మొదలుపెట్టాడు. దానికి సెట్టింగ్ లేదు.

రాత్రి ఆటలకి ఇంకో దారి రేడియో. పాస్‌లో ప్రతి ఆటకీ రెండు జట్ల రేడియో వ్యాఖ్యానం ఉంటుంది, దానికి బ్లాకౌట్ లేదు. కబ్స్ రేడియోలో పాట్ హ్యూస్ చెప్తుంటే బొమ్మ లేకపోయినా ఆట కనిపిస్తుంది. మన చిన్నప్పుడు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని క్రికెట్ విన్నవాళ్ళకి ఈ సుఖం కొత్తగా చెప్పక్కర్లేదు. మా పాప మూడో ఇన్నింగ్స్‌లో నిద్రపోయేది.

లైవ్ బొమ్మే కావాలంటే హక్కులున్న ఛానెల్ దగ్గరికే వెళ్ళాలి. కబ్స్ ఆటలు మార్కీ స్పోర్ట్స్ నెట్‌వర్క్‌లో వస్తాయి. 2023 నుంచి వాళ్ళు కేబుల్ లేకుండా నేరుగా యాప్ అమ్ముతున్నారు, నెలకి సుమారు 20 డాలర్లు. ఇక్కడ మన 'లోకల్' శాపం వరం అవుతుంది. ఆ యాప్ కబ్స్ ప్రాంతం లోపలివాళ్ళకే అమ్ముతారు, మనం లోపలే ఉన్నాం. ట్విన్స్ కూడా 2025 నుంచి అలాగే నేరుగా అమ్ముతోంది. కొనే ముందు మీ జిప్ కోడ్ కొట్టి చూసుకోండి, ధర కూడా అప్పుడే సరిచూసుకోండి. ఏటా కదులుతూ ఉంటుంది.

డబ్బు లెక్కకొస్తే, 2025లో అన్ని జట్ల పాస్ సీజన్‌కి సుమారు 150 డాలర్లు. మార్కీ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరు నెలలకి సుమారు 120. రెండూ పూర్తిగా కట్టడం నాకైతే దుబారా. మీ వాడు కబ్స్ తప్ప ఇంకేమీ చూడడు అనుకుంటే, కొని కొద్ది రోజులే అయింది కాబట్టి ఈరోజే రిఫండ్ అడిగి మార్కీకి మారండి. వాడితో పాటు మీకూ ఆటంటే ఇష్టం పుడుతోందంటే పాస్ ఉంచుకుని, బడి రోజుల్లో రీప్లేలతో గడిపేసి, సెలవుల్లో మీరు ఇక్కడున్న నెలలకి మాత్రం మార్కీ తీసుకోండి. నెలవారీది కాబట్టి ఎప్పుడంటే అప్పుడు ఆపొచ్చు. సీజన్ పాస్ మాత్రం ఏటా దానంతటదే రెన్యూ అవుతుంది. కొన్న రోజే ఆటో రెన్యూ ఆపేయండి. ఇంకో సర్వీసులో నేను అది మర్చిపోయి, చూడని ఏడాదికి డబ్బు కట్టాను.

ఇంకో రకం బ్లాకౌట్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే 'డాడ్జర్స్ ఆట కూడా రావట్లేదేంటి' అని మళ్ళీ అడుగుతారు. కొన్ని ఆటల్ని జాతీయ సంస్థలు దేశం మొత్తానికి ఒంటరిగా కొనుక్కుంటాయి. శుక్రవారం రాత్రి యాపిల్ టీవీలో రెండు ఆటలు, శనివారం ఫాక్స్ ఆటలు, ఆదివారం రాత్రి ఆట ఇవన్నీ ఆ కోవలోవి. ఆ ఆదివారం రాత్రి ఆట 2025 దాకా ఈఎస్‌పీఎన్‌లో వచ్చేది, 2026 నుంచి ఎన్‌బీసీ, పీకాక్‌కి వెళ్ళింది. ఇవి మీరు ఏ రాష్ట్రంలో ఉన్నా పాస్‌లో లైవ్ రావు. ఆఖరికి మార్కీ యాప్‌లో కూడా రావు. అక్టోబర్‌లో జరిగే పోస్ట్‌సీజన్, అంటే నాకౌట్ ఆటలు కూడా అంతే, కేబుల్ లాంటి టీవీ చందా ఉన్నట్టు చూపిస్తేనే పాస్‌లో లైవ్ తెరుచుకుంటుంది. కబ్స్ అక్టోబర్‌కి చేరితే మీ వాడి ముఖం చూడలేరు, అప్పటికి ఓ నెల ఏదైనా లైవ్ టీవీ సర్వీస్ తీసుకోవడానికి సిద్ధంగా ఉండండి. ఫాక్స్ ఆటలకి మాత్రం పాతిక డాలర్ల యాంటెన్నా చాలు, గాల్లో వచ్చే ఛానెల్ అది.

టీవీ, ఐప్యాడ్ ప్రశ్న. ప్లాన్ పెద్దదైతే ఎక్కువ తెరలు వస్తాయని చాలామంది అనుకుంటారు. ఒక్కో సర్వీసు ఒక్కోదాన్ని కొలిచి అమ్ముతుంది. ఎంఎల్‌బి టీవీలో రెండు ప్లాన్ల మధ్య తేడా జట్ల సంఖ్యలోనే, తెరల్లో కాదు. ఒకేసారి ఎన్ని తెరలన్నది మీ ఖాతా నిబంధనల్లో చూసుకోండి, ఆ హద్దు లోపలైతే టీవీ, ఐప్యాడ్ రెండూ నడుస్తాయి. ఎన్‌బీఏ లీగ్ పాస్‌లో అన్ని జట్ల మామూలు పాస్‌కీ ప్రీమియమ్‌కీ మధ్య మీరు అదనంగా కట్టేది తెరల కోసం, ప్రకటనలు లేకపోవడం కోసం. మామూలు దాంట్లో ఒకేసారి ఒక్క పరికరమే. ఇండియాలో జియోహాట్‌స్టార్ ఇంకో దారి. మొబైల్ ప్లాన్ ఒక్క ఫోన్‌కి, టీవీకి రాదు. సూపర్ ప్లాన్ రెండు పరికరాలకి, ప్రీమియం నాలుగింటికి. ప్రీమియం తీసుకున్నా లైవ్ క్రికెట్‌లో ప్రకటనలు పోవు.

ఇందులో చూసుకోవలసింది 'ఒకేసారి' అన్న మాట. పది పరికరాల్లో లాగిన్ అయి ఉన్నా ఫర్వాలేదు, ఒకే సమయంలో ఎన్ని ఆడుతున్నాయన్నదే లెక్క. ఐప్యాడ్‌లో ఆట ఆపకుండా కవర్ మూసేసి టీవీ పెడితే, పాత స్ట్రీమ్ ఇంకా నడుస్తోందని సర్వర్ అనుకుని పరిమితి దాటారంటుంది. ఆటలోంచి బయటికి వచ్చి యాప్ మూసి, రెండు నిమిషాలు ఆగి టీవీలో పెట్టండి. అలా చేసినా అదే మాట వస్తే ఖాతాలో అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ కొట్టండి. అప్పటికీ కుదరకపోతే మీ లాగిన్ ఇంకెవరి దగ్గరో ఉందన్నమాట. మా ఇంట్లో అది డాలస్‌లోని బావమరిది.

ఇక విజయవాడ. పాస్ ఇండియాలో పనిచేస్తుంది. చూసేది మీరు ఎక్కడున్నారన్నది కాబట్టి, కృష్ణలంకలో కూర్చుంటే కబ్స్ 'లోకల్' కాదు. ఇక్కడ రాని కబ్స్ లైవ్ అక్కడ వస్తుంది. ఐదు గంటల దూరంలో ఉంటే మూత, పన్నెండు వేల కిలోమీటర్లు దాటితే లైవ్. రాత్రి 7:05 ఆట అక్కడ మర్నాడు పొద్దున 5:35కి, తాతగారి కాఫీ టైమ్‌కి మొదలవుతుంది. మధ్యాహ్నం 1:20 ఆట అక్కడ రాత్రి 11:50కి, దాన్ని మాత్రం రీప్లేకి వదిలేయండి. వెళ్ళేముందు ఇక్కడే యాప్‌లో లాగిన్ అయి పాస్‌వర్డ్ రాసి పెట్టుకోండి. అక్కడికి వెళ్ళాక ధృవీకరణ కోడ్ అమెరికా నంబరుకి పోతే, ఆ సిమ్ ఆపేసి ఉంటే కష్టం. ఆ నెలలో మార్కీ ఆపేయండి, అది ఇండియాలో రాదు.

చివరిగా ఒకటి, ఇది మీ పాస్‌లో ఉన్నా ఎవరూ చెప్పరు. మైనర్ లీగ్ ఆటలు కూడా అందులోనే వస్తాయి. కబ్స్‌కి ఒక్క మెట్టు కింద ఉండే ట్రిపుల్-ఏ జట్టు పేరు అయోవా కబ్స్, వాళ్ళ మైదానం ప్రిన్సిపల్ పార్క్ డి మాయిన్ డౌన్‌టౌన్‌లో రెండు నదులు కలిసే చోట ఉంది. మీ వాడు ఇవాళ టీవీలో చూడలేకపోతున్న పీట్ క్రో-ఆర్మ్‌స్ట్రాంగ్ 2023లో ఇక్కడే ఆడాడు. మీ ఇంటి నుంచి పదిహేను నిమిషాలు. గ్లవ్ తీసుకెళ్ళమనండి, ఫౌల్ బంతి ఒకటి దొరకొచ్చు.